వస్తువు వెనక ఏముంది: పెళ్లి ఫొటోల్లో తీసివేతల లెక్క

పెళ్లి అయిన కొన్ని వారాలకు, ఆల్బమ్‌లోకి ఏ ఫొటోలు వెళ్లాలో తేలే దశలో, ఫొటోగ్రాఫర్ నుంచి దంపతులకు ఒక సందేశం వస్తుంది. ఫొటోల్లో అడ్డంగా పడిన వస్తువుల్లో వేటిని తీసేయడం ప్యాకేజీలోనే ఉందో, వేటికి విడిగా డబ్బు కట్టాలో అందులో ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ విభజన అర్థం కాదు. గోడ మీద జానెడు స్విచ్‌బోర్డు తీయడానికి డబ్బు అక్కర్లేదు. పెళ్లికూతురి కొంగు మీదికి వచ్చిన సెల్‌ఫోన్ అంచు వేలెడంతే ఉంటుంది, దానికి మాత్రం ఛార్జి ఉంటుంది. ధర వస్తువు పరిమాణాన్ని బట్టి రాదు. వస్తువు వెనక ఏముంది, దాని అంచు దేనికి తగులుతోంది అన్న రెండు ప్రశ్నల మీదే వస్తుంది. ఈ రెండు ప్రశ్నలూ బేరానికి పుట్టినవి కావు, బొమ్మల గణితంలోంచి వచ్చినవి.

కల్యాణ మండపంలో జరిగిన ఒక తెలుగు పెళ్లికి అలాంటి సందేశం ఇలా ఉంటుంది:

"నమస్కారం అండీ. మీరు పంపిన ఆల్బమ్ ఫొటోల లిస్టు అందింది. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు తీసివేతల గురించి చెప్పాలి. ముఖం మీద మొటిమలు, గాట్లు, చెమట మెరుపు సరిచేయడం ప్యాకేజీలోనే ఉంది. గోడ మీద, కార్పెట్ మీద, ఆకాశంలో విడిగా కనిపించే వస్తువులు, అంటే స్విచ్‌బోర్డు, వైరు, వాటర్ బాటిల్, పేపర్ గ్లాసు లాంటివి, ఫొటోకు మూడు వరకు తీసేస్తాం. దానికీ ఛార్జి లేదు. మనిషికి గానీ చీరకు గానీ నగలకు గానీ తగులుతున్న వస్తువులకు, మండపం స్తంభాలకు అడ్డొచ్చిన లైట్ స్టాండు, వీడియో అబ్బాయి లాంటి వాటికి, గ్రూపు ఫొటోలోంచి మనిషిని తీయడానికి ఛార్జి విడిగా ఉంటుంది. ఎంతన్నది ఫొటో చూసి, పని మొదలుపెట్టకముందే చెబుతాం. ముఖాన్ని కప్పేసినవి తీయాలంటే అదే క్షణంలో తీసిన ఇంకో ఫొటో మా దగ్గర ఉండాలి. లేకపోతే చేయలేం. వీడియోలో తీసివేతలు ఇందులో లేవు. ఏ ఫొటోలో ఏది తీయాలో ఫైల్ నంబరుతో రాయండి. 'DSC_0412, ఎడమవైపు ఫోన్' అంటే చాలు. ఆల్బమ్ డిజైన్ మొదలయ్యాక కొత్తవి చేర్చలేమండీ."

ఈ సందేశంలోని ప్రతి వాక్యం వెనక ఒక భౌతిక కారణం ఉంది. కెమెరా సెన్సర్‌లోని ఒక్కో పిక్సెల్ ఒక్కో దిక్కు నుంచి వచ్చే వెలుతురును కొలుస్తుంది. ఆ దిక్కులో అన్నిటికన్నా ముందున్న వస్తువు మీంచి వచ్చిన వెలుతురే దానికి చేరుతుంది. వాటర్ బాటిల్ వెనకున్న కార్పెట్ నుంచి బయల్దేరిన వెలుతురు బాటిల్‌కు తగిలి అక్కడే ఆగిపోయింది లేదా దారి తప్పింది. కాబట్టి బాటిల్‌ను "తీసేయడం" అంటే దాని కింద దాగిన బొమ్మను బయటపెట్టడం కాదు. ఫైలులో ఆ బొమ్మ ఎక్కడా లేదు. రా ఫైలు తెరిచినా ఉండదు. జరిగే పనల్లా అక్కడ ఒక ఖాళీ చేసి, ఆ ఖాళీలో ఏం ఉండి ఉంటుందో ఊహించి, చూసేవాళ్లకు అనుమానం రాకుండా నింపడమే. ఊహించడం ఎంత సులువైతే పని అంత చవక.

నింపే పద్ధతుల్లో పాతది క్లోన్ స్టాంప్. ఫొటోలో ఇంకో చోటున్న పిక్సెళ్లను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి ఖాళీ మీద అద్దుతారు. తెల్ల గోడ మీద స్విచ్‌బోర్డుకు ఇది సరిపోయేలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఏ గోడా ఒకే తెలుపులో ఉండదు. దీపం వైపు కొంచెం పసుపు, మూల వైపు కొంచెం బూడిద రంగు ఉంటుంది. పక్కనుంచి తెచ్చిన ముక్క రంగులో ఒక్క పాలు తేడా ఉన్నా అతుకు వేసినట్టు కనబడుతుంది. 2003లో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలకు చెందిన పాట్రిక్ పెరెజ్, మిషెల్ గాంగ్నే, ఆండ్రూ బ్లేక్ ప్రచురించిన పద్ధతి ఈ చిక్కును చక్కగా విప్పింది. మనిషి కన్ను ఒక చోట వెలుతురు ఎంతుందో అంత బాగా గుర్తించదు. పక్క చోటికీ దీనికీ తేడా ఎంతో మాత్రం చాలా బాగా గుర్తిస్తుంది. కాబట్టి తెచ్చే ముక్క నుంచి రంగులను తేవద్దు, పక్కపక్క పిక్సెళ్ల మధ్య ఉన్న తేడాలను మాత్రమే తేవాలి. ఖాళీ అంచు దగ్గర రంగు అసలు ఫొటోలో ఉన్నంతే ఉండాలని షరతు పెట్టి, లోపలి రంగులను లెక్కగట్టి రాబట్టాలి. ఈ లెక్క పాయిసాన్ సమీకరణం అనే పాత గణితం. వేడి అంచుల నుంచి రేకు లోపలికి ఎలా పరుచుకుంటుందో చెప్పే లెక్కకు ఇది దగ్గరి బంధువు. గోడ గరుకుదనం తెచ్చిన ముక్క నుంచి వస్తుంది, రంగు చుట్టూ ఉన్న గోడ నుంచి వస్తుంది, అతుకు మాయమవుతుంది. ఫొటోషాప్‌లో 2002 నుంచి ఉన్న హీలింగ్ బ్రష్ కూడా ఇదే రకం ఆలోచన మీద నడుస్తుంది. మొటిమలు, గోడ మచ్చలు ప్యాకేజీలో ఉండటానికి కారణం ఇదే. అక్కడ అంచు చుట్టూ ఉన్నది ఒకే పదార్థం, అంటే అంతా చర్మమే లేదా అంతా గోడే. లెక్క సెకనులో తేలిపోతుంది.

కార్పెట్, పచ్చిక, దూరంగా కనిపించే చెట్ల ఆకులు ఇంకో రకం. వాటిలో నునుపు ఉండదు గానీ ఒకే తరహా చిందరవందర ఉంటుంది. 1999లో బర్కిలీలో అలెక్సీ ఎఫ్రోస్, థామస్ ల్యూంగ్ చూపించిన దారి ఇది: ఖాళీ అంచున ఉన్న పిక్సెల్‌ను నింపాలంటే, దాని చుట్టూ ఇప్పటికే ఉన్న పిక్సెళ్ల అమరికను చూసి, ఫొటోలో అలాంటి అమరిక ఇంకెక్కడ ఉందో వెతికి, అక్కడి మధ్య పిక్సెల్‌ను తెచ్చి పెట్టాలి. పద్ధతి సరైనదే, కానీ ఒక్కో పిక్సెల్‌కూ ఫొటో మొత్తం గాలించాలి కాబట్టి చాలా నెమ్మది. 2009లో కానెలీ బార్న్స్, ఆయన సహచరులు ప్యాచ్‌మ్యాచ్ అనే ఉపాయంతో దీన్ని వేగవంతం చేశారు. మొదట ప్రతి ముక్కకూ ఏదో ఒక జోడీని గుడ్డిగా కేటాయిస్తారు. లక్షల ముక్కల్లో కొన్నిటికైనా అదృష్టవశాత్తు మంచి జోడీ దొరుకుతుంది. కార్పెట్‌లో ఒక ముక్కకు మంచి జోడీ దొరికితే, దాని పక్క ముక్కకు మంచి జోడీ ఆ జోడీ పక్కనే ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి దొరికిన సమాచారాన్ని పక్కవాటికి అందిస్తూ పోతారు. కొద్ది విడతల్లోనే ఫొటో అంతా సర్దుకుంటుంది. 2010లో ఫొటోషాప్ సీఎస్5లో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ వెనక ఈ పద్ధతి ఉంది. పదిహేను నిమిషాలు పట్టే పని రెండు నిమిషాలకు దిగడంతో వాటర్ బాటిళ్లు, పేపర్ గ్లాసులు ప్యాకేజీలోకి చేరగలిగాయి.

ఈ రెండు పద్ధతులకూ ఒకే షరతు ఉంది: ఖాళీ చుట్టూ ఉన్నది, ఖాళీలో ఉండాల్సింది ఒకే రకమైనవై ఉండాలి, దానిలాంటిది ఫొటోలో ఇంకెక్కడో కనబడాలి. ఈ షరతు తప్పిన చోటల్లా ఛార్జి మొదలవుతుంది.

మొదట తప్పేది మనిషికి తగులుతున్న వస్తువు దగ్గర. పెళ్లికూతురి జడ పక్కనే గోడ మీద స్విచ్‌బోర్డు ఉందనుకుందాం. బోర్డు కుడి అంచు జడలోని పూలకు తగులుతోంది. హీలింగ్ బ్రష్ అంచు చుట్టూ ఉన్న రంగులను షరతుగా తీసుకుంటుంది కదా. మూడు వైపులా తెల్ల గోడ, నాలుగో వైపు నల్లటి జుట్టు. లెక్క ఆ నలుపును కూడా నమ్మి లోపలికి పరుస్తుంది. ఫలితంగా గోడ మీద జడ పక్కన మసి పూసినట్టు బూడిద రంగు మరక వస్తుంది. పద్ధతిలో లోపం లేదు, దానికి ఇచ్చిన అంచే తప్పు. దీన్ని సరిచేయాలంటే జుట్టుకూ గోడకూ మధ్య గీత ఎక్కడుందో మనిషే చేత్తో గీయాలి. జుట్టును మాస్క్ వేసి పక్కన పెట్టి, గోడను విడిగా నింపి, మళ్లీ జుట్టును పైన పరచాలి. విడిపోయిన వెంట్రుకలు ఒకటి రెండు పిక్సెళ్ల మందమే ఉంటాయి. వాటిలో సగం జుట్టు రంగు, సగం వెనకున్న బోర్డు రంగు కలిసి ఉంటాయి. బోర్డు రంగు వాటిలోంచి పోవాలంటే కొన్ని వెంట్రుకలను కొత్తగా గీయక తప్పదు. స్విచ్‌బోర్డు అదే, పెద్దగానో చిన్నగానో అయింది లేదు. జడకు తగిలిందంతే. రెండు నిమిషాల పని అరగంట అయింది.

రెండోసారి తప్పేది గీతలు, అల్లికలు ఉన్న చోట. పచ్చికలో ఏ గడ్డిపరక ఎక్కడుందో ఎవరూ పట్టించుకోరు. స్తంభం మాత్రం నిటారుగానే ఉండాలి. దాని మీది లతల వరస క్రమం తప్పకూడదు. దగ్గరి స్తంభం మీది బొమ్మ పెద్దగానూ దూరపు స్తంభం మీది బొమ్మ చిన్నగానూ కనిపించాలి. ముక్కలు వెతికే పద్ధతికి ఇవేవీ తెలియవు. అది చిన్న చిన్న చతురస్రాలను పోల్చుతుంది గానీ స్తంభం అనే వస్తువును చూడదు. కాబట్టి స్తంభం మధ్యలో ఒక వంకర వస్తుంది, లేదా ఒకే బంతిపూల దండ ముక్క పక్కపక్కనే రెండుసార్లు కనబడుతుంది. బంతిపూల అలంకరణ గజిబిజిగా ఉంటుంది కాబట్టి సులువని అనిపిస్తుంది. కానీ ఒకే విరిగిన రేక, ఒకే వంగిన ఆకు రెండు చోట్ల కనిపిస్తే కన్ను వెంటనే పట్టేస్తుంది.

మూడోది నీడలు, ప్రతిబింబాలు. దంపతులు అడిగే తీసివేతల్లో ఎక్కువగా మరిచిపోయేది ఇదే, నిజానికి ఎక్కువ కష్టం కూడా ఇదే. వీడియో లైట్ స్టాండును తీసేస్తే తెల్ల తెర మీద దాని నీడ ఉండిపోతుంది. మెరిసే టైల్స్ నేల అయితే తలకిందులైన స్టాండు నేలలో నిలబడే ఉంటుంది. పెళ్లికూతురి పక్కన ఇత్తడి బిందె ఉంటే దాని వంపు మీద సన్నటి నిలువు గీతలా ఆ స్టాండు మళ్లీ కనబడుతుంది. ఇవన్నీ దొరకబుచ్చుకుని తీసేయవచ్చు. కానీ ఆ లైటు పెళ్లికొడుకు చెంప మీద వేసిన వెలుగును తీయడం వేరే పని. దాన్ని ముట్టుకుంటే ముఖం మారిపోతుంది. అందుకే మంచి ఎడిటర్ స్టాండును తీసి, దాని వెలుగును అలాగే వదిలేస్తాడు. వెలుగు ఫొటో బయటి నుంచి వచ్చిందని చూసేవాళ్లు అనుకుంటారు. నీడకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. మనిషి నేల మీద నిలబడి ఉన్నాడని కంటికి నమ్మకం కలిగించేది పాదాల దగ్గరి నీడే. ఒకరిని తీసేసి వారి నీడను వదిలేసినా, పక్కవారి నీడను కూడా కలిపి తుడిచేసినా, ఎక్కడో తేడా ఉందని చూసేవాళ్లకు తెలిసిపోతుంది. ఏమిటో వాళ్లు చెప్పలేకపోవచ్చు.

ఇవన్నీ ఒకే ఫొటోలో కలిసి వచ్చినప్పుడు పని ఎలా నడుస్తుందో సందేశంలోని DSC_0412నే ఉదాహరణగా తీసుకుంటే తెలుస్తుంది. అది తలంబ్రాల ఫొటో. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసినది, అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 పిక్సెళ్లు. ముందు ఎర్ర కార్పెట్ మీద వాటర్ బాటిల్ ఉంది. వెనక తెర మీదుగా నల్ల వైరు వేలాడుతోంది. ఎడమ నుంచి బంధువుల అబ్బాయి చెయ్యి, దానిలో ఫోన్, పెళ్లికూతురి కొంగు జరీ అంచును కొంత మేర కప్పేశాయి. కుడి వెనక పూలు చుట్టిన స్తంభానికి అడ్డంగా లైట్ స్టాండు ఉంది. పైగా ఎగిరిన బియ్యపు గింజ ఒకటి పెళ్లికొడుకు ఎడమ కంటి మీద పడింది.

బాటిల్‌తో మొదలు. దాని చుట్టూ ఎంపిక గీత గీసేటప్పుడు అంచుకు అంటిపెట్టుకుని గీస్తే పని చెడుతుంది. లెన్స్ వల్ల బాటిల్ అంచు కొన్ని పిక్సెళ్ల మేర కార్పెట్‌లోకి మసకబారి ఉంటుంది. ఆ మసక గీత బయట మిగిలిపోతే, నింపాక బాటిల్ ఆకారంలో ఒక సన్నటి ఉంగరం మిగులుతుంది. అందుకని గీతను పది పన్నెండు పిక్సెళ్లు బయటికి జరిపి, బాటిల్ నీడను కూడా లోపలికి కలుపుకుంటారు. తర్వాత నింపడం యంత్రం పని. మొత్తం రెండు నిమిషాలు. వైరు కూడా అంతే, కాకపోతే తెర మడతలను అది దాటే చోట ఒక్కో మడతకూ విడిగా అద్దాలి. మూడు నాలుగు నిమిషాలు. ఈ రెండూ ప్యాకేజీలోవి.

ఫోన్ దగ్గర చిత్రం మారుతుంది. దాని కింద ఉండాల్సింది జరీ అంచు. ఆ అంచులో మామిడి పిందెల వరస నడుస్తోంది. ఫోన్‌కు రెండు వైపులా అది కనబడుతోంది కాబట్టి కప్పేసిన మేర ఎన్ని పిందెలు ఉండాలో లెక్క తెలుస్తుంది. కానీ జరీ అద్దంలా వెలుతురును తిప్పికొడుతుంది. లైటు వైపు తిరిగిన మడత మీది పిందె తెల్లగా మెరుస్తుంది. అవతలి మడతలో అదే పిందె ముదురు ఇత్తడి రంగులో ఉంటుంది. పక్కది తెచ్చి అంటిస్తే ఆకారం సరిపోతుంది గానీ మెరుపు తప్పుతుంది. కాబట్టి ఎడిటర్ అంచు ముక్కను కొత్త లేయర్ మీదికి తెచ్చి, కొంగు మడత వంపుకు తగ్గట్టు దాన్ని వంచుతాడు. పై లేయర్ మీద వెలుగునూ నీడనూ చేత్తో వేస్తాడు. ఫోన్ పట్టుకున్న చెయ్యి పెళ్లికూతురి గాజులకు తగిలే చోట గాజుల వంపులను ఒక్కొక్కటిగా మాస్క్ చేస్తాడు. నలభై నిమిషాలకు తక్కువ పట్టదు. స్టాండు కూడా ఇంచుమించు అంతే. స్తంభం గీతలను ముందు కలిపి, తర్వాత పూలను రెండు మూడు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి కలగలిపి, చివరికి తెర మీది నీడను తుడవాలి.

ఇంత చేశాక కూడా ఒక మెట్టు మిగిలి ఉంటుంది. మండపంలో వెలుతురు తక్కువ కాబట్టి కెమెరా ఐఎస్‌ఓను బాగా పెంచి తీస్తారు. దానివల్ల ఫొటో అంతా సన్నటి ఇసుక చల్లినట్టు నలుసులు ఉంటాయి. వంచిన, సాగదీసిన ముక్కలో ఈ నలుసులు కరిగిపోయి ఆ చోటు నున్నగా తయారవుతుంది. దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. దగ్గరగా చూస్తే చుట్టూ గరుకు మధ్య ఒక మైనపు మచ్చ. అందుకే ఆఖరున చుట్టూ ఉన్నంత నలుసును లెక్కచూసి ఆ మేర తిరిగి కలుపుతారు. వెనక భాగం ఫోకస్‌లో లేనప్పుడు ముందు మసక, తర్వాత నలుసు. ఈ వరస తిరగబడితే నలుసు కూడా మసకబారిపోయి, చేసిన పని వృథా అవుతుంది.

ఇక కంటి మీది బియ్యపు గింజ. ఇది ఫొటోలో అన్నిటికన్నా చిన్న వస్తువు. అయినా సందేశంలో "చేయలేం" అన్న మాట వచ్చింది దీని గురించే. గోడను ఊహించి నింపితే ఎవరికీ నష్టం లేదు, జరీని ఊహించి నింపినా పెద్ద నష్టం లేదు. కంటిని ఊహించి నింపితే అది ఆ మనిషి కన్ను కాదు. కుడి కన్ను తిప్పి ఎడమ వైపు పెట్టినా కుదరదు. రెండు కళ్లూ ఏ ముఖంలోనూ అచ్చంగా ఒకేలా ఉండవు, పైగా లైటు మెరుపు తప్పు వైపు పడుతుంది. ఇంట్లో వాళ్లకు ఆ తేడా చటుక్కున తెలుస్తుంది. ఉన్న దారి ఒక్కటే: ఆ కంటిని కెమెరా ఇంకో క్షణంలో చూసి ఉండాలి. తలంబ్రాల సమయంలో ఫొటోగ్రాఫర్లు బటన్ వదలకుండా సెకనుకు చాలా ఫొటోలు తీసేది ఇందుకే. DSC_0413లో గింజ చెంప దాకా జారి ఉంటుంది, కన్ను కనబడుతుంది. ఆ కంటిని తెచ్చి ఇక్కడ పెడితే అది నిజంగా ఆయన కన్నే, దాదాపు అదే క్షణంలోదే.

అలా తేవడానికి కూడా హద్దులున్నాయి. రెండు ఫొటోల మధ్య తల కొంచెం తిరిగి ఉంటే కంటి ఆకారం మారుతుంది. రెండోదానికి ఫ్లాష్ పూర్తిగా చార్జి కాకపోతే ఆ ఫొటో ముదురుగా వస్తుంది, రంగు సరిచేయాలి. ఫొటోగ్రాఫర్ ఒక అడుగు జరిగి ఉంటే దగ్గరివి ఒక మేర, దూరంవి ఇంకో మేర జరిగి కనబడతాయి. అప్పుడు కన్ను కుదిరినా బాసికం కుదరదు. ఆ క్షణంలో రెప్ప పడి ఉంటే ఇక వెతకడానికి ఏమీ ఉండదు. బియ్యపు గింజ తలంబ్రాల్లో భాగమే కాబట్టి, చాలామంది ఫొటోగ్రాఫర్లు దాన్ని అలాగే ఉంచమని సలహా ఇస్తారు. ఆ సలహా సబబైనది.

దంపతుల వైపు నుంచి తరచుగా వచ్చే మాట ఒకటుంది: ఫోన్‌లో వేలితో రుద్దితే వస్తువు పోతోంది కదా, దీనికి నలభై నిమిషాలు ఎందుకని. జవాబు చూసే కొలతలో ఉంది. 6000 పిక్సెళ్ల ఫొటోను 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెర మీద చూస్తే అది సుమారు ఐదున్నర రెట్లు కుదించుకుపోతుంది. జరీ అంచులో 30 పిక్సెళ్ల మేర చెడిన చోటు ఐదారు పిక్సెళ్లకు దిగి కంటికి ఆనదు. పెళ్లి ఆల్బమ్ పేజీ జత సాధారణంగా 12 అంగుళాల ఎత్తు, తెరిస్తే 36 అంగుళాల వెడల్పు. అదే ఫొటోను ఆ వెడల్పంతా పరిస్తే అంగుళానికి దాదాపు 167 పిక్సెళ్లు వస్తాయి. అదే 30 పిక్సెళ్ల చోటు కాగితం మీద నాలుగున్నర మిల్లీమీటర్లు అవుతుంది. ఒడిలో పెట్టుకుని చూసే ఆల్బమ్‌లో, అదీ పెళ్లిచీర మీద, అది దాగదు. వాట్సాప్‌లో పంపే కాపీకి ఒక స్థాయి పని చాలు, పేజీ నిండా అచ్చయ్యే ఫొటోకు వేరే స్థాయి కావాలి. అందుకే తీసివేతలు ఆల్బమ్‌కు ఎంచుకున్న ఫొటోలకే చేస్తారు. వేలల్లో ఉండే మొత్తం ఫొటోలకు చేయరు.

గ్రూపు ఫొటోలోంచి మనిషిని తీయమనే కోరిక సున్నితమైనది. సాంకేతికంగా చూస్తే, వరస చివరన విడిగా నిలబడినవారిని తీయడం లైట్ స్టాండును తీయడం లాంటిదే. మధ్యలో ఉన్నవారిని తీస్తే ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో పక్కవారి భుజం ఎంతవరకు ఉందో, వారి చీర ఎలా పడిందో కెమెరాకు తెలియదు. తీసినవారి చెయ్యి పెళ్లికూతురి భుజం మీద ఉంటే, ఆ వేళ్ల కింది జాకెట్ చేతిని కొత్తగా తయారుచేయాలి. అందుకే ఇలాంటి పనికి ఛార్జి మిగతావాటికన్నా ఎక్కువ. దారిన పోతూ ఫ్రేములోకి వచ్చిన క్యాటరింగ్ అబ్బాయిని తీయడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. పిలిచి వరసలో నిలబెట్టిన బంధువును తీసేయడం అలాంటిది కాదు, ఆ ఆల్బమ్ రెండు కుటుంబాల ఇళ్లలోనూ ఉంటుంది. అందుకని ఇలాంటి మార్పును దంపతులిద్దరూ రాతపూర్వకంగా అడిగితేనే చేయడం, మార్చని ఫొటోను కూడా వెంట ఇవ్వడం మంచి పద్ధతి. వివాహ రిజిస్ట్రేషన్‌కు పెళ్లి ఫొటో జతచేయాల్సి వస్తే అక్కడికి ఏ తీసివేతా లేని కాపీనే పంపాలి. అది అలంకారం కాదు, సాక్ష్యం.

వీడియో గురించి సందేశం ఒక్క వాక్యంతో సరిపెట్టింది, దానికి కారణం కూడా చిన్నదే. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నాలుగు సెకన్ల ముక్కలో నూరు ఫొటోలు ఉంటాయి. కెమెరా కదులుతూ ఉంటుంది. ఒక్కో ఫ్రేమును విడిగా ఎంత బాగా నింపినా, వరసగా ఆడిస్తే నింపిన చోటు మినుకుమినుకుమంటుంది. ఆ మినుకు పోవాలంటే నింపినది కెమెరా కదలికతో పాటు కదలాలి. అది ఫొటో ఎడిటర్ పని కాదు, వేరే వృత్తి.

ఎడిట్ అయిన ఫొటోలు దంపతుల దగ్గరికి పరిశీలనకు వచ్చినప్పుడు చూడాల్సింది తీసిన వస్తువు పోయిందా లేదా అని కాదు. అది పోయే ఉంటుంది. ఫొటోను అసలు కొలతకు, అంటే నూరు శాతానికి పెంచి, మొదట నిటారు గీతలను చూడాలి: స్తంభం, తలుపు చట్రం, తెర మడత ఎక్కడైనా విరిగాయా అని. తర్వాత పూలలో, ముగ్గులో, జరీలో అచ్చంగా ఒకేలాంటి ముక్క రెండుసార్లు కనిపిస్తోందా అని. ఆ తర్వాత నేల వైపు చూపు దించి, మనిషి లేని నీడ గానీ నీడ లేని మనిషి గానీ ఉన్నారా అని. చివరగా జుట్టు చుట్టూ, చెవుల చుట్టూ మసక రంగు వలయం ఉందా అని. లోపం కనబడితే ఆ ఫైల్ నంబరు, లోపం ఏ వైపున ఉందో రాసి పంపితే సరిచేయడం తేలిక. పని అంతా విడి లేయర్ల మీద ఉంటుంది కాబట్టి చెడిన ముక్క ఒక్కటే మళ్లీ చేస్తారు, మిగతా ఫొటోను ముట్టుకోరు. డిజైనర్ ఆ లేయర్లన్నిటినీ కలిపి పేజీలో అమర్చి ప్రెస్‌కు పంపిన తర్వాత ఈ వీలు ఉండదు. పేజీ మొత్తం మళ్లీ కట్టి, మళ్లీ అచ్చు వేయించాలి. సందేశం చివర ఉన్న గడువు ఆ రోజునే ముగుస్తుంది.